ఆటల పీరియడ్ కోసం రాసిన వ్యాసానికి ఎన్ని మార్కులు?

అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే పరీక్షల సంస్థ నుంచి 1961లో ఒక నివేదిక వచ్చింది. పాల్ డీడరిక్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి చేసిన పని అది. అప్పుడే కాలేజీలో చేరిన విద్యార్థులు రాసిన 300 వ్యాసాలను 53 మందికి ఇచ్చి, నాణ్యతను బట్టి తొమ్మిది దొంతరలుగా పేర్చమన్నారు. చదివినవాళ్లలో అధ్యాపకులున్నారు, రచయితలు, సంపాదకులున్నారు, లాయర్లున్నారు, వ్యాపార సంస్థల అధికారులున్నారు. ఏం చూసి పేర్చాలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఫలితం చూస్తే నూటికి 94 వ్యాసాలకు కనీసం ఏడు రకాల గ్రేడ్లు పడ్డాయి. ఐదు కంటే తక్కువ రకాల గ్రేడ్లు వచ్చిన వ్యాసం ఒక్కటి కూడా లేదు.

ఆ చదివినవాళ్లు నిర్లక్ష్యంగా మార్కులు వేశారనుకుంటే పొరపాటు. వాళ్ల గ్రేడ్లను, పేపర్ల మీద రాసిన వ్యాఖ్యలను జల్లెడ పడితే ఐదు రకాల చూపులు బయటపడ్డాయి. కొందరు ఆలోచన బలాన్ని చూశారు. కొందరు అక్షర దోషాలు, వ్యాకరణం చూశారు. ఇంకొందరికి అమరిక ముఖ్యం, మరికొందరికి మాటల ఎంపిక, మరికొందరికి రాసినవాడి ముద్ర. ఎవరి చూపు ప్రకారం వాళ్లు న్యాయంగానే ఉన్నారు. ఆ చూపులన్నీ కలిసి ఒక్క అంకెగా మారేసరికి, ఆ అంకె దేన్ని కొలిచిందో ఎవరికీ తెలియకుండా పోయింది.

విశ్లేషణాత్మక రూబ్రిక్ ఈ చిక్కుకు విరుగుడుగా పుట్టింది. వ్యాసం మొత్తానికి ఒకే మార్కు వేయకుండా, దాన్ని కొన్ని అంశాలుగా విడదీసి ఒక్కో అంశానికి విడిగా వేస్తారు. ప్రతి అంశానికీ కొన్ని స్థాయిలుంటాయి. ఒక్కో స్థాయిలో వ్యాసం ఎలా ఉంటుందో రెండు మూడు వాక్యాల్లో రాసి ఉంటుంది. అడ్డంగా స్థాయిలు, నిలువుగా అంశాలు ఉన్న పట్టిక ఇది. చాలా బళ్లలో ఇలాంటి పట్టికలు ఇప్పుడు ఉన్నాయి కూడా. అయితే వాటి గడుల్లో కనిపించేది ఎక్కువగా ‘చాలా బాగుంది’, ‘బాగుంది’, ‘ఫర్వాలేదు’, ‘మెరుగుపడాలి’ అన్న మాటలే. డీడరిక్ ఇంటికి పంపిన ఆ 53 మందీ మళ్లీ ఈ గడుల్లోకి వచ్చి కూర్చున్నట్టే, ఎందుకంటే ఏది బాగున్నట్టో చెప్పనంతకాలం ఎవరి ‘బాగుంది’ వాళ్లదే. రూబ్రిక్ పనిచేస్తుందా లేదా అన్నది ఆ గడుల్లోని వాక్యాలే తేలుస్తాయి. అందుకే ఇక్కడ ఆ వాక్యాలు ఎలా తయారవుతాయో ఒక్క ఉదాహరణతో చూద్దాం.

మన హైస్కూళ్లలో అందరికీ తెలిసిన ఒక గొడవ తీసుకుందాం. పదో తరగతి వచ్చేసరికి ఆటల పీరియడ్‌ను లెక్కలకో సైన్సుకో ఇచ్చేస్తారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ‘ఆటల పీరియడ్‌ను వేరే సబ్జెక్టుకు వాడుకోవచ్చా, కూడదా? మీ అభిప్రాయాన్ని హెడ్మాస్టర్ గారు ఒప్పుకొనేలా రాయండి’ అని ఇచ్చారనుకుందాం. ఎవరిని ఒప్పించాలో ప్రశ్నలోనే ఉండటం ముఖ్యం. అది లేకపోతే పిల్లలు ‘ఆటల వల్ల ఉపయోగాలు’ అనే పాత వ్యాసాన్ని అప్పజెప్పేస్తారు. దాన్ని ఏ రూబ్రిక్కూ సరిదిద్దలేదు.

పట్టిక గీయకముందు పేపర్లు చదవాలి. ఒక సెక్షన్‌లో రాసిన ముప్పై నలభై పేపర్లు తీసుకుని, మార్కులు వేయకుండా, కేవలం హెడ్మాస్టర్ మనసు మారే అవకాశం ఎంతో చూసి నాలుగు దొంతరలుగా పెట్టాలి. ఆ తర్వాత రెండు పక్కపక్క దొంతరలు తీసుకుని, ఈ దొంతరలో ఉన్నదేమిటి, ఆ దొంతరలో లేనిదేమిటి అని అడుగుతూ కనిపించిన తేడాను కాగితం మీద పెట్టాలి. గడిలో రాయాల్సిన వాక్యం అక్కడ దొరుకుతుంది. ముందే కుర్చీలో కూర్చుని ఊహించి రాస్తే, పై స్థాయిలో మన పిల్లలెవరూ రాయలేని గొప్ప వ్యాసం, కింది స్థాయిలో ఎవరూ రాయనంత అధ్వాన్నమైన వ్యాసం వచ్చి చేరతాయి. అప్పుడు అసలు పేపర్లన్నీ నడిమి గడుల్లో ఇరుక్కుంటాయి.

అలాంటి తరగతి రాతలను పోలిన మూడు పేరాలు చూడండి. మొదటిది:

‘ఆటల పీరియడ్ తీసేయడం అన్యాయం. అది చాలా తప్పు. మాకు ఆటలు కావాలి. ఆటలు లేని బడి బడే కాదు.’

రెండోది, ముత్యాల్లాంటి దస్తూరీతో, ఒక్క తప్పు లేకుండా:

‘ఆటలు శరీరానికి వ్యాయామాన్ని, మనసుకు ఉల్లాసాన్ని ఇస్తాయి. ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలు చెప్పారు. క్రీడల వల్ల క్రమశిక్షణ, ఐకమత్యం అలవడతాయి. కావున విద్యార్థులకు ఆటలు ఎంతో అవసరం.’

మూడోది, కొట్టివేతలతో, అక్షర దోషాలతో:

‘మాకు వారానికి రెండు ఆటల పిరియడ్లు. పోయిన నెలల ఎనిమిదింట్ల ఆరు లెక్కలకే ఇచ్చిన్రు. అవి ఏడో పిరియడ్లు. అప్పటికి వెనక బెంచిల సగం మంది బల్ల మీద తల పెట్టి పడుకుంటరు. పడుకున్నోళ్లకు లెక్క చెప్తే ఆ లెక్క మల్ల తెల్లారి చెప్పాల్సిందే. గందుకే ఆ పిరియడ్ తీసుకున్నా సిలబస్ ముందుకు పోలే.’

హడావుడిలో దిద్దే చేయి రెండో పేరాకు ఎక్కువ మార్కులు వేస్తుంది. కానీ హెడ్మాస్టర్ ఆలోచనలో పడేది మూడో పేరా చదివాకే. రెండో పేరాలోని మాటలు ఏ ఊరి బడి గురించైనా, ఏ పరీక్షలోనైనా రాయొచ్చు. ఆటలు మంచివని హెడ్మాస్టర్‌కూ తెలుసు, ఆయన కాదనడం లేదు. మూడో పేరా ఆయన సరిచూసుకోగల లెక్క ఇచ్చింది. అంతటితో ఆగకుండా, ఆ లెక్క ఆయన కోరుకునే సిలబస్‌కు ఎలా అడ్డం వస్తోందో ముడి వేసింది. మొదటి పేరాలో కారణమే లేదు, అభిప్రాయమే నాలుగుసార్లు వేషం మార్చుకుంది.

ఆధారాన్ని వాదనతో కలిపే ఆ ముడి గురించి బ్రిటిష్ తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో వచ్చిన తన పుస్తకంలో లోతుగా చర్చించాడు. మనం అనేది ఒకటి, దానికి చూపే ఆధారం ఒకటి, ఆ ఆధారం నుంచి మన మాటకు ఎలా చేరామన్నది ఇంకొకటి అని ఆయన విడదీశాడు. హైస్కూలు పిల్లల రాతల్లో ఎక్కువగా తప్పిపోయేది ఈ మూడోదే. అందుకే ‘కారణాలు–ఆధారాలు’ అనే అంశానికి స్థాయిలు రాసేటప్పుడు దాన్నే గీటురాయిగా పెట్టుకోవచ్చు. అప్పుడు నాలుగు గడుల్లో ఇలాంటి వాక్యాలు వస్తాయి.

ఒకటో స్థాయి: అభిప్రాయం ఉంది, కారణం లేదు. కారణంలా కనిపించేది అభిప్రాయాన్నే వేరే మాటల్లో చెప్పడం.

రెండో స్థాయి: కారణాలున్నాయి. అవి ఎక్కడైనా ఎవరైనా చెప్పగల సాధారణ మాటలు, సామెతలు, సూక్తులు. లేదా ఒక ఆధారం ఉన్నా దానికీ కారణానికీ సంబంధం చెప్పలేదు.

మూడో స్థాయి: కనీసం ఒక ముఖ్య కారణానికి ఈ సందర్భానికే చెందిన ఆధారం చూపి, అది తన మాటను ఎలా బలపరుస్తుందో చెప్పారు. మిగతా కారణాలు సాధారణంగానే ఉన్నాయి.

నాలుగో స్థాయి: ముఖ్యమైన కారణాలన్నిటికీ అలాంటి ఆధారం, దాన్ని కారణంతో ముడివేసే వాక్యం రెండూ ఉన్నాయి. చదివేవాడికి ఏది ముఖ్యమో గుర్తించి కారణాలను ఎంచుకున్నారు.

ఈ నాలుగింటిలో ‘బాగా’, ‘కొంతవరకు’, ‘సమర్థంగా’ లాంటి మాటలు లేవు. పేపర్ మీద వేలు పెట్టి చూపించగలిగినవే ఉన్నాయి. ‘మూడు కారణాలు చెప్పారు’ లాంటి లెక్కలు కూడా లేవు. అంకె పెడితే దిద్దడం తేలికవుతుంది, నిజమే. కానీ పట్టిక చేతికందిన పిల్లలు ఉన్న రెండు మంచి కారణాల పక్కన మూడోది ఒక పసలేనిది అతికిస్తారు. కారణాల లెక్క చూసే రూబ్రిక్ రెండో పేరాను పై స్థాయికి తీసుకెళ్తుంది. వ్యాయామం, ఉల్లాసం, క్రమశిక్షణ, ఐకమత్యం అని దానిలో నాలుగున్నాయి మరి.

స్థాయిలు నాలుగే ఎందుకు అని అడగొచ్చు. రాసి చెప్పగలిగినన్ని తేడాలు ఉన్నప్పుడే అన్ని స్థాయిలు ఉండాలి. ఆస్ట్రేలియాలో దేశమంతటా బడి పిల్లలకు పెట్టే నాప్లాన్ పరీక్షలో ఒప్పించే రచనను పది అంశాలుగా విడదీసి 48 మార్కులకు దిద్దేవారు. స్పెల్లింగుకు సున్నా నుంచి ఆరు దాకా ఏడు మెట్లు, పేరాల విభజనకు సున్నా నుంచి మూడు దాకా నాలుగే మెట్లు ఉండేవి. అన్ని గడులూ సమానంగా ఉండాలని వాళ్లు పట్టుబట్టలేదు. అయితే శిక్షణ పొంది దిద్దడమే పనిగా పెట్టుకున్నవాళ్లకు పది అంశాలు సరిపోతాయి. ఐదు సెక్షన్ల పేపర్లు ఇంటికి మోసుకెళ్లే మన టీచరుకు నాలుగు చాలు: కారణాలు–ఆధారాలు, ఎదుటి మాటకు సమాధానం, అమరిక, భాష.

రెండో అంశం గురించి కాస్త చెప్పాలి. ఒప్పించే వ్యాసాన్ని మామూలు వ్యాసం నుంచి వేరు చేసేది అదే, మన పిల్లలకు అంతగా అలవాటు లేనిదీ అదే. ఎదుటివాళ్ల మాట ఊసే ఎత్తకపోతే ఒకటో స్థాయి. ‘ఆటల వల్ల చదువు పాడవుతుందని కొందరంటారు, కానీ అది తప్పు’ అని తోసేస్తే రెండు. ఎదుటివాళ్ల మాటను ఉన్నదున్నట్టు చెప్పి కారణంతో జవాబిస్తే మూడు. నాలుగో స్థాయికి ఇంకొంచెం కావాలి. ఉదాహరణకు ‘సిలబస్ మిగిలిపోయిందన్న మీ బెంగ నిజమే సార్, పబ్లిక్ పరీక్షల భయం మాకూ ఉంది. ఆ క్లాసు ఏడో పీరియడ్‌లో కాకుండా పొద్దున ప్రార్థనకు ముందు పెట్టండి, అరగంట ముందే వస్తాం’ అన్న పేరా తీసుకోండి. ఎదుటివాళ్ల వాదనలో బలమైన చోటును పట్టుకుని, అందులో న్యాయం ఎంతో ఒప్పుకుని, అక్కడికే సరిపోయే జవాబిచ్చింది. గడిలో ఆ వాక్యమే రాయాలి. ‘కొందరంటారు... కానీ’ అన్న మూస వాక్యం కంఠస్థం చేసి ప్రతి వ్యాసంలో అతికించేవాళ్లు రెండో స్థాయి దాటకుండా ఉండేది ఈ మాటల వల్లే.

అమరికలో చూడాల్సింది పేరాలు విడదీశారా, ఒక పేరాలో ఒకే సంగతి నడిచిందా, వరస మార్చితే వాదన దెబ్బతింటుందా అన్నవే. భాష దగ్గర ఒక నిర్ణయం ముందే తీసుకోవాలి. మూడో పేరా రాసిన విద్యార్థి ‘పడుకుంటరు’, ‘గందుకే’ అని తన ఇంటి మాటల్లో రాశాడు. అది తప్పా? అధికారికంగా రాసే తీరు తెలిసిందా లేదా అన్నదే పరీక్షించదలిస్తే పట్టికలో ఆ సంగతి రాసి, పిల్లలకు ముందే చెప్పాలి. చెప్పకుండా కోస్తే అన్యాయం. నా మట్టుకు, ఒప్పించే రచనలో మాండలికానికి మార్కులు తగ్గించకూడదంటాను. ‘పిరియడ్’ లాంటి అక్షర దోషాలు, అర్థం కోసం రెండోసారి చదవాల్సి వచ్చే వాక్యాలు లెక్కలోకి వస్తాయి. అందుకే భాషలో స్థాయిలను దోషాల సంఖ్యతో కాకుండా చదువరి ఎక్కడ ఆగాల్సి వచ్చిందన్నదానితో రాయడం మేలు. పది వాక్యాలు రాసినవాడికంటే ముప్పై వాక్యాలు రాసినవాడి దగ్గర తప్పులు ఎక్కువ దొరుకుతాయి కదా.

ఇప్పుడు మార్కులు. నాలుగు అంశాలు, ఒక్కోదానికి నాలుగు మార్కులు, మొత్తం 16. రెండో పేరా లాగానే సాగిన వ్యాసం మొత్తానికి కారణాల్లో 2, ఎదుటి మాటకు 1, అమరికకు 4, భాషకు 4 వచ్చాయనుకోండి. మొత్తం 11. మూడో పేరా వ్యాసానికి వరసగా 4, 1, 3, 2. మొత్తం 10. హెడ్మాస్టర్‌ను కదిలించిన వ్యాసం ఒక మార్కు వెనకబడింది! పట్టికలో ప్రతి వాక్యం సరిగానే ఉంది. తప్పంతా అన్ని అంశాలనూ ఒకే తూకంలో వేయడంలో ఉంది. కారణాల అంశాన్ని రెట్టింపు చేసి మొత్తం 20కి మారిస్తే మొదటిది 13, రెండోది 14 అవుతాయి. ఏ అంశానికి ఎంత బరువన్నది ఇలా అసలు పేపర్ల మీద వేసి చూసుకోవాలి. బాగా ఒప్పించిందని మనకు తెలిసిన వ్యాసం కిందికి జారుతుంటే బరువులు మార్చాలి. మార్చాక అందరికీ అదే.

పట్టిక తయారైందనుకున్నాక దాన్ని ఇద్దరు విడివిడిగా వాడి చూడాలి. పన్నెండు పేపర్ల జిరాక్సులు తీసి, వాటి మీద ఏమీ రాయకుండా, ఇద్దరు టీచర్లు వేర్వేరు కాగితాల మీద స్థాయిలు వేసి పోల్చుకోవాలి. కారణాల అంశంలో పన్నెండింటికి ఎనిమిది కుదిరాయనుకుందాం. ఆ లెక్క చూసి సంతోషపడే ముందు ఇంకో సంగతి గమనించాలి. ఇద్దరూ చెరో ఆరు పేపర్లకు 2, చెరో ఆరింటికి 3 వేశారు. పేపర్లు చదవకుండా కళ్లు మూసుకుని అలాగే సగం సగం వేసినా సగటున ఆరు కుదిరేవి. అంటే నిజంగా కుదరడానికి అవకాశం ఉన్నవి మిగిలిన ఆరే, వాటిలో కుదిరినవి రెండే. ఆరింటికి రెండు అంటే మూడో వంతు. 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన కప్పా అనే కొలత చేసేది ఈ లెక్కే. మూడో వంతు తక్కువే. పైగా పన్నెండు పేపర్లతో వచ్చిన ఏ సంఖ్యనూ మరీ గట్టిగా పట్టుకోకూడదు. అసలు ఉపయోగం కుదరని నాలుగు పేపర్లలో ఉంది.

వాటిలో ఒకదానిలో ‘ఆటలాడితే జ్ఞాపకశక్తి 70 శాతం పెరుగుతుందని శాస్త్రవేత్తలు తేల్చారు’ అని ఉంది. ఒక టీచరు, అంకె ఉంది, సంబంధం చెప్పారు, కాబట్టి 3 అన్నారు. రెండో టీచరు, ఇది ఎక్కడిదో తెలియదు, అప్పటికప్పుడు పుట్టించింది, కాబట్టి 2 అన్నారు. ఇద్దరిలో ఎవరూ పొరపాటు పడలేదు. ‘ఆధారం’ అంటే ఏమిటో గడి చెప్పలేదు. పరీక్ష హాల్లో పిల్లలు పుస్తకం తిరగేయలేరు, దిద్దే టీచరు ప్రతి అంకెనూ సరిచూడలేరు. ఇద్దరూ కూర్చుని ‘తాను చూసినదీ, అనుభవించినదీ అయి ఉండాలి, లేదా ఎక్కడ చదివారో ఎవరి దగ్గర విన్నారో చెప్పాలి’ అన్న వాక్యం చేర్చారు. అప్పుడు ఆ పేపర్ 2కి వచ్చింది. పిల్లలు నోటికొచ్చిన శాతాలు రాయడం తగ్గడానికి కూడా ఈ వాక్యం పనికొస్తుంది. అయితే ఎనిమిదింటిలో ఆరు పీరియడ్లన్న లెక్క నిజమో కాదో కూడా దిద్దే టీచరు పట్టుకోలేకపోవచ్చు. రూబ్రిక్ నిజాయితీని కొలవదు, వాదన కట్టిన తీరునే కొలుస్తుంది.

కుదరకపోవడానికి ఇంకో కారణం దిద్దే వరసలో ఉంటుంది. ఒక పేపర్ తీసుకుని నాలుగు అంశాలూ ఒకేసారి దిద్దితే మొదటి అంశం ప్రభావం మిగతా మూడింటి మీద పడుతుంది. మనుషులను అంచనా వేసేటప్పుడు ఒక గుణం మిగతా గుణాలకూ రంగు పులుముతుందని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే చూపించాడు. అందమైన దస్తూరీ మన దగ్గర ఆ పని రోజూ చేస్తుంది. ఒక పేపర్‌కు పడ్డ మార్కులు 3, 3, 3, 3 అనో 2, 2, 2, 2 అనో వరసగా కనిపిస్తుంటే అనుమానించాలి. నాలుగు అంశాలుగా విడదీసినా టీచరు మనసులో ఒకే మార్కు వేసి దాన్నే నాలుగు గడుల్లో పంచారన్నమాట. సెక్షన్ మొత్తానికి ముందు కారణాలు, ఎదుటి మాట దిద్దేసి, పేపర్లు కలిపి, రెండో విడతలో అమరిక, భాష దిద్దితే ఇది చాలావరకు తగ్గుతుంది. నలభై పేపర్లను రెండుసార్లు తిరగేయడం భారమే. నెలనెలా చేయలేకపోయినా, మార్కులు రిజిస్టరుకెక్కే పరీక్షలకైనా చేయదగ్గ శ్రమ ఇది.

వాక్యాలు ఎంత జాగ్రత్తగా రాసినా, కొత్తగా బడికొచ్చిన టీచరు వాటిని మరోలా చదువుకోవచ్చు. అందుకే పట్టికకు నమూనా పేపర్లు జతచేయాలి. ప్రతి అంశానికీ ఒక్కో స్థాయిలో ఒకటి రెండు పేపర్లు, పిల్లల పేర్లు తీసేసి, ఆ స్థాయి ఎందుకు పడిందో పక్కన ఒక వాక్యం రాసి ఫైల్లో పెట్టాలి. అన్నిటికంటే పనికొచ్చేవి రెండు స్థాయిల మధ్య ఊగిసలాడిన పేపర్లు. శాస్త్రవేత్తల 70 శాతం పేపర్ అలాంటిదే.

వచ్చే ఏడాది ప్రశ్న మారుతుంది. బడికి సెల్‌ఫోన్ తేవొచ్చా అనో, ఊళ్లో గ్రంథాలయం కావాలనో అడుగుతారు. కారణాలు, ఎదుటి మాట, భాష గడులు అలాగే పనికొస్తాయి, నమూనాలు మాత్రం కొత్త పేపర్ల నుంచి తీసుకోవాలి. పది తరగతి పిల్లలకు అలవాటైన కరపత్రం ఇస్తే అమరిక గడులు మొత్తం తిరగరాయాల్సిందే. శీర్షిక, పిలుపు, చిన్న చిన్న వాక్యాలు అక్కడ బలం. హెడ్మాస్టర్‌కు రాసిన వ్యాసం కోసం తయారుచేసిన గడి, పేరా విడదీయలేదని దానికి మార్కులు కోసేస్తుంది.